ఘనమూలం అవధిలో ఆ 12 ఎక్కడిది?

ఇంటర్ విద్యార్థులకు అవధుల పాఠంలో ఇలాంటి లెక్క తగులుతుంది. x విలువ 8కి చేరువవుతుంటే ఈ భిన్నం ఏ సంఖ్యకు చేరువవుతుంది?

(∛x − 2) / (x − 8)

నేరుగా 8 వేస్తే లవమూ సున్నా, హారమూ సున్నా. అంతమాత్రాన జవాబు లేదనుకోకూడదు. 8కి కాస్త అటూ ఇటూ వేసి చూడండి. x = 8.1 అయితే భిన్నం సుమారు 0.0830 వస్తుంది. x = 7.9 అయితే 0.0837 వస్తుంది. రెండు వైపుల నుంచీ ఈ రెండింటి మధ్య ఉన్న ఏదో సంఖ్య దగ్గరికే వస్తున్నాం. అదేమిటో కచ్చితంగా తేల్చాలి.

లవంలోనూ హారంలోనూ ఒకే కారణాంకం దాగి ఉండబట్టే రెండూ ఒకేసారి సున్నా అవుతున్నాయి. అది బయటపడాలంటే ముందు ఘనమూలం పోవాలి. వర్గమూలమైతే పని తేలిక. √x − 2 ని √x + 2 తో గుణిస్తే x − 4 వచ్చేస్తుంది. చాలామంది ఆ అలవాటుతోనే ఇక్కడా ∛x + 2 తో గుణిస్తారు. అప్పుడు లవం (∛x)² − 4 అవుతుంది. మూలం అలాగే ఉంది, 8 వేస్తే మళ్లీ సున్నాయే. ఘనమూలాన్ని ఘనం చేస్తేనే పోతుంది కాబట్టి ఇక్కడ అక్కరకొచ్చేది ఘనాల భేదం:

a³ − b³ = (a − b)(a² + ab + b²)

రెండో బ్రాకెట్‌లో మూడు పదాలు ఎందుకున్నాయో ఒక చెక్క దిమ్మెతో తెలుసుకోవచ్చు. భుజం a ఉన్న ఘనం మూలలోంచి భుజం b ఉన్న చిన్న ఘనాన్ని తీసేద్దాం. మిగిలినదాన్ని సరిగ్గా మూడు పలకలుగా కోయవచ్చు. మూడింటి మందమూ a − b. వాటి వైశాల్యాలు a × a, a × b, b × b. సర్వసమీకరణం చెబుతున్నది ఈ కోతనే.

ఇప్పుడు a స్థానంలో ∛x, b స్థానంలో 2 పెడదాం.

(∛x − 2)((∛x)² + 2∛x + 4) = x − 8

లవహారాలు రెండింటినీ ఆ పెద్ద బ్రాకెట్‌తో గుణించాలి. అది (∛x + 1)² + 3 కు సమానం. అంటే x ఏదైనా దాని విలువ 3 కంటే తగ్గదు, కాబట్టి సున్నాతో గుణిస్తున్నామన్న భయం లేదు. గుణించాక లవం x − 8 అవుతుంది. హారంలో x − 8 ఎటూ ఉంది. x 8కి చేరువవుతుందే తప్ప 8 కాదు కనుక రెండింటినీ కొట్టేయవచ్చు. మిగిలేది ఇదీ:

1 / ((∛x)² + 2∛x + 4)

ఇక ధైర్యంగా 8 వేయవచ్చు. హారం 4 + 4 + 4 = 12. అవధి 1/12, అంటే దాదాపు 0.0833. ముందు చూసిన రెండు విలువల మధ్యే ఉంది.

ఎక్కువగా తప్పు జరిగేది మధ్య పదం దగ్గర. (a + b)² గుర్తుకొచ్చి ab కు బదులు 2ab రాస్తే జవాబు 1/16 వస్తుంది. గుర్తు పొరబడి −ab రాస్తే 1/4 వస్తుంది. మొదటిది 0.0625, రెండోది 0.25. x = 8.1 దగ్గర కట్టిన విలువతో పోల్చగానే రెండూ తప్పని తేలిపోతుంది.

ఈ 12 కు ఒక రూపం కూడా ఉంది. 8 లీటర్లు పట్టే ఘనాకారపు డబ్బా భుజం 2 డెసిమీటర్లు, అంటే 20 సెంటీమీటర్లు. దాని ఒక్కో ముఖం వైశాల్యం 4 చదరపు డెసిమీటర్లు. భుజం ఒక్క మిల్లీమీటరు పెరగాలంటే ఒక మూలలో కలిసే మూడు ముఖాల మీద మిల్లీమీటరు మందాన పలకలు చేర్చాలి. వాటి మొత్తం వైశాల్యం 12, ఘనపరిమాణం దాదాపు 0.12 లీటరు. అంటే పరిమాణం కొద్దిగా పెరిగితే అందులో 1/12 వంతు చొప్పున భుజం పెరుగుతుంది. మన అవధి లెక్కగట్టింది ఈ చొప్పునే.

అదే పద్ధతి x = 0 దగ్గర పరిమితమైన జవాబు ఇవ్వదు. అక్కడ b = 0 కాబట్టి మూడు పదాల్లో (∛x)² ఒక్కటే మిగులుతుంది, భిన్నం 1/(∛x)² అవుతుంది. x = 0.001 దగ్గర దాని విలువ 100, x = 0.000001 దగ్గర 10,000. దానికి హద్దు లేదు. పలకలు చేర్చడానికి ముఖాలే లేని చోట కొద్దిపాటి పరిమాణమే భుజాన్ని ఎన్నో రెట్లు పెంచేస్తుంది. అందుకే ఘనమూలం గ్రాఫు స్పర్శరేఖ మూలబిందువు దగ్గర నిట్టనిలువుగా ఉంటుంది.