తెలుగు ప్రశ్న, ఆంగ్ల పదక్రమం: రెండు దోషాలు, ఒకే మూలం

తెలుగు మాతృభాషగా గల విద్యార్థుల ఆంగ్ల రచనలో ప్రశ్నకు సంబంధించిన రెండు దోషాలు తరచుగా కనిపిస్తాయి. అవి పరస్పర విరుద్ధంగా తోచినా వాటి మూలం ఒక్కటేనని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

పెదపారుపూడి విద్యార్థి ‘గుడివాడ బస్సు ఎప్పుడు వస్తుంది?’ అని అడగదలచి ‘వెన్ ద బస్ విల్ కమ్?’ అంటాడు. ఇక్కడ సహాయక క్రియ కర్తకు ముందు రావాలి: ‘వెన్ విల్ ద బస్ కమ్?’ ఈ దోషాన్ని దిద్దుకున్న విద్యార్థే తరువాత ‘ఐ డోంట్ నో వెన్ విల్ ద బస్ కమ్’ అని రాస్తాడు. ప్రశ్న ఉపవాక్యమైనప్పుడు ఆంగ్లం ఆ తారుమారును రద్దు చేస్తుంది కనుక ఇక్కడ ‘వెన్ ద బస్ విల్ కమ్’ అనడమే సరి. మొదట తప్పయిన క్రమమే ఇక్కడ ఒప్పయింది.

కారణం తెలుగు వాక్య నిర్మాణంలో ఉంది. ‘బస్సు ఎప్పుడు వస్తుంది?’, ‘బస్సు ఎప్పుడు వస్తుందో తెలియదు’ అనే వాక్యాలలో పదక్రమం మారలేదు. క్రియకు ‘ఓ’ మాత్రమే చేరింది. ఆంగ్లం క్రమంతో చూపే భేదాన్ని తెలుగు ప్రత్యయంతో చూపుతుంది. మొదటి దోషంలో తెలుగు క్రమమే ఆంగ్లంలోకి దిగింది. రెండవ దానిలో దిగినది క్రమం కాదు, ప్రశ్నకు ఎక్కడైనా ఒకే క్రమం ఉంటుందనే అలవాటు. అందువల్ల తారుమారును మాత్రమే పదే పదే అభ్యాసం చేయిస్తే రెండవ దోషం బలపడే అవకాశం ఉంది.

దిద్దుబాటుకు ‘ఓ’నే గుర్తుగా తీసుకోవచ్చు. తెలుగు క్రియకు ‘ఓ’ చేరితే ఆంగ్లంలో కర్త ముందు, సహాయక క్రియ తరువాత. ‘వస్తుందో రాదో’ వంటి జంట ఉంటే ‘వెదర్’ చేర్చాలి: ‘ఐ డోంట్ నో వెదర్ ద బస్ విల్ కమ్’.

అయితే ‘అని’ ఉన్నచోట ఈ గుర్తు దొరకదు. ‘ఎక్కడికి వెళ్తున్నావని కండక్టర్ నన్ను అడిగాడు’ అనే వాక్యంలో కండక్టర్ పలికిన మధ్యమ పురుష క్రియ యథాతథంగా నిలిచింది. దానిని అనుసరించి విద్యార్థి ‘ద కండక్టర్ ఆస్క్‌డ్ మీ వేర్ ఆర్ యు గోయింగ్’ అని రాస్తాడు. సరైన రూపం ‘వేర్ ఐ వజ్ గోయింగ్’. ఇక్కడ పురుష, కాలం, క్రమం మూడూ మారాలి; ఆ వరుసలోనే ఒక్కొక్కటిగా మార్పించడం సులువు.

ఈ విశ్లేషణకు రెండు పరిమితులున్నాయి. ‘హూ కేమ్?’ వంటి ప్రశ్నలో ప్రశ్నపదమే కర్త కనుక ‘ఐ డోంట్ నో హూ కేమ్’ అన్నా క్రమం మారదు. అటువంటి వాక్యాలతో పరీక్షిస్తే దోషం బయటపడదు. ఉపవాక్యంలో తారుమారు ఐర్లండ్ ఆంగ్లంలో సహజంగానే వినిపిస్తుంది కనుక, ఆ రూపం కనిపించినంత మాత్రాన దానిని తెలుగు ప్రభావమని నిర్ధారించరాదు. అదే విద్యార్థి నేరు ప్రశ్నలను ఎలా నిర్మిస్తున్నాడో, ‘ఓ’, ‘అని’ వాక్యాలను ఎలా అనువదిస్తున్నాడో పోల్చి చూసిన తరువాతనే ఆ నిర్ణయానికి రావడం ఉచితం.