హాలు చల్లబడితే కొలను ఆవిరవుతుంది

వేడి నీటి ఇండోర్ ఈతకొలనులో కరెంటు బిల్లు పెరిగిందంటే చాలామంది నిర్వాహకులు ముందుగా హాలులోని గాలి వేడిని తగ్గిస్తారు. ఈదేవాళ్లకు నీళ్లు వెచ్చగా ఉంటే చాలు కదా, గాలికి ఎందుకు ఖర్చు అని వాళ్ల ఆలోచన. వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్క వేసి చూస్తే మాత్రం ఫలితం తారుమారవుతుంది.

నీటిని ఆనుకుని ఉండే పలుచని గాలి పొర ఎప్పుడూ తేమతో నిండి ఉంటుంది. ఆ పొరలో ఆవిరి ఒత్తిడి ఎంతన్నది నీటి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. హాలు గాలిలోని ఆవిరి ఒత్తిడి అంతకంటే తక్కువ. ఈ రెంటి మధ్య తేడాయే నీటిని పైకి లాగుతుంది. ఇంజనీర్లు వాడే సూత్రం ఇది:

```
W = 0.00004 × A × (pw − pa) × F
```

W అంటే సెకనుకు ఆవిరయ్యే నీరు, కిలోల్లో. A కొలను వైశాల్యం, చదరపు మీటర్లలో. pw నీటి దగ్గరి ఆవిరి ఒత్తిడి, pa హాలు గాలిలోది, రెండూ కిలోపాస్కల్స్‌లో. F జనం కదలికను చూపే గుణకం. నీళ్లు చిమ్మి అలలు లేస్తే గాలికి తగిలే నీటి ఉపరితలం పెరుగుతుంది. అందుకే జనం వచ్చే కొలనుకు F 1గా, ఇంట్లోని చిన్న కొలనుకు 0.5గా తీసుకుంటారు.

25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న కొలనును తీసుకుందాం. నీళ్లు 28 డిగ్రీలు, గాలి 30 డిగ్రీలు, తేమ 60 శాతం. నీటి దగ్గర ఒత్తిడి 3.78, గాలిలో 2.55, తేడా 1.23. సూత్రంలో వేస్తే గంటకు సుమారు 44 లీటర్లు ఆవిరవుతాయి.

ఇప్పుడు తేమను 60 శాతం దగ్గరే ఉంచి గాలిని 26 డిగ్రీలకు దించండి. గాలిలో ఒత్తిడి 2.02కు పడిపోతుంది, తేడా 1.76 అవుతుంది. గంటకు 63 లీటర్లు! గాలి వేడిలో మిగుల్చుకున్నామనుకున్నది నీటిలోంచి పోతోంది. గాలి నీటికంటే ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉండాలన్న నియమం ఇందుకే పుట్టింది.

పోయేది నీరొక్కటే అయితే ఇంత బాధ లేదు. ప్రతి కిలో నీరు ఆవిరవుతూ సుమారు 2,430 కిలోజౌళ్ల వేడిని కొలనులోంచి తీసుకుపోతుంది. గంటకు 44 లీటర్లంటే 30 కిలోవాట్లు. సగం రోజు జనం ఉండి, మిగతా సగం కొలను నిశ్చలంగా ఉంటే రోజుకు దాదాపు 800 లీటర్లు. కొలను సగటు లోతు 1.4 మీటర్లయితే, హీటర్ ఆపేసిన రోజున ఆవిరి కారణంగానే నీళ్లు 1.3 డిగ్రీలు చల్లబడతాయి. రాత్రిపూట నీటి మీద కవరు కప్పడం ఇంత పెద్ద పొదుపు కావడానికి కారణం ఇదే.

ఆ వేడి ఎక్కడికీ మాయమవదు, ఆవిరితోపాటు గాలిలోకి చేరుతుంది. డీహ్యూమిడిఫైయర్ ఆ గాలిని చల్లటి కాయిల్ మీదుగా పంపితే ఆవిరి నీరై కారుతుంది, దాని వేడి యంత్రానికి చిక్కుతుంది. మంచి యంత్రం ఆ వేడిని గాలికీ, కొలను నీటికీ తిరిగి ఇస్తుంది. నా దృష్టిలో యంత్రం కొనేటప్పుడు మొదట అడగాల్సింది ఈ వసతి ఉందా అనే.

బయటి గాలిని లోపలికి తెస్తే సరిపోదా అంటారు. హైదరాబాదు చలికాలపు పొడి గాలికి ఆ మాట కొంత నిజం. వర్షాకాలం విశాఖలో 28 డిగ్రీలు, 82 శాతం తేమ ఉన్న గాలిలో ఆవిరి ఒత్తిడి 3.1. హాలు గాలికంటే అదే ఎక్కువ. అలాంటి గాలిని నేరుగా తెస్తే తేమను కొని తెచ్చుకున్నట్టే. అయినా జనం పీల్చుకోవడానికీ, క్లోరిన్ సమ్మేళనాల ఘాటు పోవడానికీ కొంత బయటి గాలి తప్పదు.

యంత్రం చాలకపోతే ముందుగా చెప్పేవి కిటికీలు. 30 డిగ్రీలు, 60 శాతం గాలి సుమారు 21.4 డిగ్రీలకు చల్లబడితే నీరు కక్కుతుంది. బయట 14 డిగ్రీలుండే రాత్రి ఒంటి అద్దం లోపలి ముఖం 18 దగ్గర ఉంటుంది, కాబట్టి చెమ్మ ధారలు కడుతుంది. రెండు పొరల అద్దమైతే 24 దగ్గర నిలిచి పొడిగా ఉంటుంది.

అద్దం మీది చెమ్మ కంటికి కనిపిస్తుంది. ఫాల్స్ సీలింగ్ పైన పేరుకునేది కనిపించదు. క్లోరిన్ సమ్మేళనాలు అక్కడి లోహాన్ని తినేస్తాయి. 1985 మేలో స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్‌లో ఒక ఈతకొలను కాంక్రీటు సీలింగ్ కూలి 12 మంది చనిపోయారు. దాన్ని పట్టి ఉంచిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు ఇలాగే పగిలాయి. స్టెయిన్‌లెస్ కదా అని సీలింగ్ పైకి ఎక్కి చూడకుండా వదిలేయకూడదు.

మీ కొలనులో లెక్క నిజమో కాదో తేల్చుకోవడానికి, నీరు నింపే గొట్టానికి మీటరు పెట్టి, ఫిల్టరు కడగని రోజున కొలను మట్టం మళ్లీ అదే గీత దగ్గరకు వచ్చేలా నింపి, ఎంత పోశామో చూడండి. చిమ్మి పోయే నీళ్లు కూడా అందులో కలుస్తాయి కనుక లెక్కకంటే కొంచెం ఎక్కువే వస్తుంది. అదే రెట్టింపు వస్తే గాలి ఉష్ణోగ్రత చూడండి, తర్వాత కొలనులో లీకు వెతకండి.