దిగులు రోజుల లెక్క

మా కుట్టు కేంద్రానికి వచ్చే ఒక సోదరికి గురువారాలే దిగులుగా ఉండేది. పడుకునే ముందు క్యాలెండరు గడిలో మనసుకు 10కి ఎన్ని మార్కులో, నిద్ర, తిండి, నడక ఎంతో రాయమన్నాం. వారానికోసారి కలిసి చూసేవాళ్ళం, ఆ రోజు మార్కును ముందు రాత్రి నిద్ర పక్కన పెట్టి.

మూడు వారాలూ గురువారం మార్కు 4 దాటలేదు. బుధవారం రాత్రి ఆర్డర్ల కోసం ఒంటిగంట దాకా మేలుకొని, మర్నాడు మధ్యాహ్నం వరకు టీతోనే గడిపేవారు. నిద్రా, తిండా? తేలాలంటే ఒక్కటే మార్చాలి. బుధవారం 11కే పడుకోమన్నాం, తిండి జోలికి పోలేదు. తర్వాతి రెండు గురువారాలూ 6 వచ్చింది. రెండు వారాలు చాలవు, ఇంకా రాస్తున్నారు.

దిగులు రెండు వారాలు అసలే వదలకపోతే లెక్కలతో ఆగకుండా డాక్టరును కలవాలి. టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు పడదు.