ఒక్క చీర, ముగ్గురికి మాట

మా వదిన విజయవాడలో ఇంటి ముందు గదిలోనే చీరలు, నైటీలు అమ్ముతుంది. కొన్ని వస్త్రలతలో హోల్‌సేల్‌గా, కొన్ని మంగళగిరి మగ్గాల దగ్గర తెచ్చుకుంటుంది. కిందటి శ్రావణంలో నిజాం బోర్డరున్న నెమలికంఠం రంగు చీర ఫొటో స్టేటస్‌లో పెట్టింది. పావుగంటలో ముగ్గురు "నాకే ఉంచండి ఆంటీ" అన్నారు. ఆవిడ ముగ్గురికీ "సరేనమ్మా" అంది. ఉన్నదేమో ఒక్క చీర. మిగిలిన ఇద్దరూ అలిగారు, వాళ్లలో ఒకరు పదేళ్ల ఖాతాదారు.

ఆ తర్వాతే వాట్సాప్ బిజినెస్ యాప్ వేయించాం. అది ఉచితమే. మామూలు వాట్సాప్ ఉన్న నంబరు మీద ఇది కూడా ఒకేసారి నడవదు కాబట్టి అంగడికి వేరే సిమ్ తీసుకున్నాం. లేకపోతే పెళ్లి కబుర్ల మధ్య ఆర్డర్లు మునిగిపోతాయి.

ఇందులో కేటలాగ్ అనేది ఉంటుంది. 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి 10 ఫొటోలు ఎక్కుతాయి. మాకు నాలుగు చాలనిపించింది: పరిచిన చీర, అంచు దగ్గరగా, కొంగు, బ్లౌజు ముక్క. పొద్దున వాకిట్లో నీడ పట్టున తీస్తాం. ట్యూబులైటు కింద తీస్తే నెమలికంఠం కాస్తా ఉత్త నీలమైపోతుంది, ఫ్లాష్ పడితే జరీ తెల్లబోతుంది. రంగు తేడా మీద వచ్చే తగాదాలు సగం ఇక్కడే పుడతాయి. నైటీలకైతే ఛాతీ కొలత అంగుళాల్లో రాస్తాం, ఎందుకంటే ఒక కంపెనీ ఎక్సెల్ ఇంకో కంపెనీ ఎల్‌కి సరిపోతుంది.

వస్తువు వివరాలు నింపేచోట Item code అనే గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. నన్నడిగితే ధర తర్వాత ముఖ్యమైనది అదే. ఆ నెమలికంఠం చీర లాంటిదే మళ్లీ తెచ్చినప్పుడు M7 అని పెట్టాం. అదే M7 చీరకు కట్టిన అట్టముక్క మీదా, నోటుపుస్తకంలోనూ ఉంటుంది. "ఆ నీలం చీర" అని ఎవరూ అడగక్కర్లేదు.

అసలు సంగతేమిటంటే, కేటలాగ్‌కు సరుకు లెక్క తెలియదు. కొనేవాళ్లు కార్టులో వేసి పంపితే అది మనకు ఒక సందేశంగా వస్తుందంతే. చీర అమ్ముడైపోయినా బొమ్మ అక్కడే నవ్వుతూ కూర్చుంటుంది. ఉన్న సైజులు కూడా వివరణలో రాసి, అయిపోయినదాన్ని చేత్తో తీసేయాలి. ఆ లెక్కంతా మనిషే చూసుకోవాలి.

అందుకే వదిన ఒక పద్ధతి పెట్టుకుంది. M7 కావాలని ఒకామె రాత్రి 8 గంటలకు అడిగిందనుకోండి. ముందుగా చీరను బీరువా పై అరలోకి మార్చాలి, అక్కడున్నవన్నీ ఎవరికో మాటిచ్చినవి. వెంటనే కేటలాగ్‌లో ఆ వస్తువును Hide చేయాలి. తర్వాతే జవాబు. ఆ జవాబును క్విక్ రిప్లైగా దాచుకుంది, / కొట్టి ఎంచుకుంటే చాలు:

"మీ చీర పక్కన పెట్టానమ్మా. రాత్రి 10 దాకా మీకోసం ఉంచుతాను. డబ్బు పంపాక పేరు, ఇంటి గుర్తులు, పిన్‌కోడ్ పంపండి. ఫాల్ కుట్టించినా, బ్లౌజు కత్తిరించినా వాపసు తీసుకోను."

రెండో ఆమె అడిగితే "పదింటికి చెప్తానమ్మా" అంటుంది, మాటివ్వదు. చాట్‌కు Pending payment లేబుల్ తగిలిస్తుంది, డబ్బు పడ్డాక Paidగా మారుస్తుంది. పది దాటినా డబ్బు రాకపోతే చీర రెండో ఆమెదే. ఇలా గడువు పెట్టడానికి ఆవిడ మొదట్లో మొహమాటపడింది గానీ, అలిగేవాళ్లు తగ్గారు.

డబ్బు పడిందో లేదో తన యూపీఐ యాప్‌లోనో, బ్యాంకు ఖాతాలోనో చూసుకుంటుంది. స్క్రీన్‌షాట్‌ను లెక్కలోకి తీసుకోదు. దాన్ని దిద్దొచ్చు, కిందటి నెలదాన్నే మళ్లీ పంపొచ్చు. ఒకసారి సాయంత్రం హడావిడిలో స్క్రీన్‌షాట్ నమ్మి రెండు నైటీలు ఇచ్చేసింది. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు.

కొత్త సరుకు కబురు బ్రాడ్‌కాస్ట్ జాబితాతో పంపొచ్చు, ఒక జాబితాలో 256 మంది దాకా. అయితే మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకే కవరు మీద నంబరు వేయించి, "సేవ్ చేసుకోమ్మా" అని చేతికిచ్చేటప్పుడే చెబుతుంది.

ఆదివారం రాత్రి కేటలాగ్, నోటుపుస్తకం, బీరువా మూడూ సరిచూస్తుంది. అరగంట పని. మొన్న చూస్తే, ఎప్పుడో అమ్మేసిన రెండు చీరలు కేటలాగ్‌లో ఇంకా కనిపిస్తున్నాయి.