గీతలు లేని పట్టికలో గడులు ఎలా దొరుకుతాయి?

మార్కెట్ యార్డులో ఇంగ్లీషు టైపు మిషన్ మీద కొట్టిన పాత ధరల కాగితం ఒకటి మీ చేతిలో ఉందనుకోండి. ఎడమవైపు సరుకు పేరు, ఆ పక్కన బస్తాలు, తర్వాత కనిష్ఠ ధర, గరిష్ఠ ధర. మచ్చుకైనా ఒక్క గీత లేదు. అయినా నాలుగు కాలమ్‌లూ మన కంటికి ఇట్టే తెలిసిపోతాయి. ఆ కాగితాన్నే స్కాన్ చేసి కంప్యూటరుతో చదివిస్తే, అక్షరాలన్నీ సరిగ్గా చదివి కూడా వరసను ఒక వాక్యంలా అప్పగించేస్తుంది. ఆ రోజు రెడ్ గ్రామ్, అంటే కందుల, బస్తాల లెక్క రాయలేదంటే, 5,600 అనే ధర వెళ్లి బస్తాల గడిలో కూర్చుంటుంది. ఒక్క అక్షరం తప్పు పోలేదు, లెక్క మాత్రం తప్పింది.

పెద్ద ఖాళీ కనిపించిన చోటల్లా కాలమ్ మారిందనుకోవచ్చు గదా అనిపిస్తుంది. అది చాలదు. మామూలు పైకా టైపు మిషన్‌లో ఒక్కో అక్షరానికి అంగుళంలో పదో వంతు చోటు. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అది 30 పిక్సెళ్లు. కిక్కిరిసిన పట్టికలో రెండు కాలమ్‌ల మధ్య రెండే స్పేసులు, అంటే 60 పిక్సెళ్లు ఉండవచ్చు. వాక్యం ముగిశాక కూడా చాలామంది టైపిస్టులు రెండు స్పేసులే కొట్టేవారు. వెడల్పు ఒక్కటే చూస్తే ఈ రెంటికీ తేడా తెలియదు.

ఖాళీ ఎంత వెడల్పుందన్నది కాదు, పై నుంచి కింది దాకా అన్ని వరసల్లోనూ అదే చోట ఉందా అన్నది చూడాలి. మన కాగితంలో పేర్లన్నీ 300వ పిక్సెల్ దగ్గర మొదలయ్యాయనుకుందాం. రెడ్ గ్రామ్‌లో మొదటి మాటకు ఇంగ్లీషులో మూడక్షరాలు. డ్రై చిల్లీస్‌లోనూ అంతే. కాబట్టి రెండు పేర్లలోనూ 390 నుంచి 420 వరకు ఖాళీ వస్తుంది. కాకతాళీయంగా కుదిరిన ఖాళీ ఇది. కానీ కాటన్, మెయిజ్, గ్రౌండ్‌నట్ వరసల్లో సరిగ్గా అక్కడే సిరా ఉంది. కనుక అది కాలమ్ హద్దు కాదు. అన్నిటికంటే పొడవైన డ్రై చిల్లీస్ 660 దగ్గర ఆగుతుంది. బస్తాల అంకెల్లో పెద్దది 840 దగ్గర మొదలవుతుంది. ఆ మధ్యలో ఏ వరసలోనూ చుక్క సిరా లేదు. హద్దు అదే.

ఇప్పుడు కందుల వరస చూడండి. పేరు తర్వాత 1140 దాకా అంతా ఖాళీయే. 5,600 మాత్రం 1290 దగ్గర ముగుస్తుంది. మిగతా వరసల్లో కనిష్ఠ ధరలు ముగిసేది కూడా అక్కడే. ఆ అంకె ఏ గడిదో కుడి అంచే చెప్పేసింది. పేర్లకు ఎడమ అంచు, అంకెలకు కుడి అంచు: నా లెక్కలో ఖాళీ కన్నా ఈ అంచులే గట్టి సాక్ష్యం. టైపిస్టు ట్యాబ్ మీట నొక్కిన ప్రతిసారీ మిషన్ అదే చోటికి వచ్చి ఆగేది. టెస్సెరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ కోసం రే స్మిత్ 2009లో ప్రచురించిన పద్ధతి పేజీలో వెతికేది ఈ ట్యాబ్ స్టాప్‌ల జాడలనే.

చిక్కులు రెండు చోట్ల వస్తాయి. మొదటిది శీర్షిక. రెండు ధరల కాలమ్‌ల మీదుగా ‘క్వింటాలు ధర’ అన్న మాట పరుచుకుని ఉంటే, వాటి మధ్య ఖాళీకి అది వంతెన కట్టేస్తుంది. ఒక్క వరస కూడా అడ్డురాకూడదని పట్టుబడితే ఆ హద్దు పోతుంది, రెండు ధరలూ ఒకే గడిలో పడతాయి. అందుకే ఒకటి రెండు వరసలు దాటినా సహించాలి, లేదా శీర్షికలను ముందే పక్కన పెట్టాలి.

రెండోది కాగితం వంకర. పట్టిక ఎత్తు 2000 పిక్సెళ్లనుకుంటే, కాగితం ఒక్క డిగ్రీ ఒరిగినా పై వరసకూ కింది వరసకూ 35 పిక్సెళ్ల తేడా వస్తుంది. 60 పిక్సెళ్ల సందు 25కు కుంచించుకుపోతుంది. కాబట్టి ముందు బొమ్మను కొంచెం కొంచెంగా తిప్పుతూ, సిరా ఉన్న వరసలూ వాటి మధ్య తెల్లటి సందులూ ఏ కోణంలో స్పష్టంగా విడిపోతాయో అక్కడ నిలపాలి. లావు పుస్తకం మధ్యలో పేజీ వంగి ఉంటే ఒక్క కోణం సరిపోదు, పేజీని ముక్కలుగా చేసి ఒక్కోదాన్నీ విడిగా సరిచేయాలి. ఇక దాదాపు ఖాళీగా వదిలేసిన ‘రిమార్కులు’ లాంటి కాలమ్‌ను ఈ పద్ధతి నమ్మకంగా పట్టలేదు. అక్కడ మనిషి చూసుకోవాల్సిందే.

కాగితం అడుగున బస్తాల మొత్తం అచ్చై ఉంటే, కంప్యూటరు ఇచ్చిన కాలమ్‌ను ఒకసారి కూడి దానితో పోల్చండి. 5,600 బస్తాల గడిలోకి జారి ఉంటే, తేడా సరిగ్గా 5,600 వస్తుంది.