సిగ్నల్ లేని చోట టికెట్

బస్సు టికెట్ల యాప్ తయారుచేసే బృందం చేయాల్సిన పనులన్నీ ఒక జాబితాలో పెట్టుకుంటుంది. దాన్నే బ్యాక్‌లాగ్ అంటారు. అందులో ఒక కార్డు మీద 'ఆఫ్‌లైన్ టికెట్' అని మాత్రమే ఉందనుకోండి. డెవలపర్ టికెట్ బొమ్మను ఫోన్ గ్యాలరీలో సేవ్ చేయించి పనైపోయిందంటాడు. టెస్టర్ యాప్‌లో వెతికి, ఎక్కడా లేదంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే.

అదే పనిని యూజర్ స్టోరీగా ఇలా రాయొచ్చు: 'ప్రయాణికుడిగా, సిగ్నల్ లేని చోట కూడా నా టికెట్‌ను యాప్‌లో తెరవగలగాలి, కండక్టర్ అడిగితే చూపించడానికి.' ఎవరికి, ఏం, ఎందుకు అని రాసే ఈ పద్ధతి 2001 ప్రాంతంలో లండన్‌లోని కనెక్స్‌ట్రా కంపెనీలో మొదలైంది. చాలామంది 'ఎందుకు' దగ్గర బద్ధకిస్తారు. నిజానికి పనిని తగ్గించేది అదే. కండక్టర్‌కు చూపించడానికే అయితే సీటు నంబరు, క్యూఆర్ కోడ్ చాలు, రూట్ మ్యాప్ అక్కర్లేదు.

ఇక ఆ కార్డు ముందు పెట్టుకుని అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. అక్కడ తేలినవే యాక్సెప్టెన్స్ క్రైటీరియా. 'టికెట్ త్వరగా తెరుచుకోవాలి' అని రాస్తే దాన్ని పరీక్షించలేం. 'బుకింగ్ పూర్తయ్యాక యాప్ మూసేసి, ఫ్లైట్ మోడ్ పెట్టి, మళ్లీ తెరిస్తే మూడు సెకన్లలో టికెట్ కనిపించాలి' అంటే ఎవరైనా చేసి చూడొచ్చు. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఇంట్లోవాళ్లు వేరే ఫోన్ నుంచి టికెట్ రద్దు చేస్తే? నెట్ లేని ఫోన్‌కు ఆ సంగతి తెలియదు. అందుకే ఇంకో రెండు షరతులు రాస్తారు: నెట్ లేనప్పుడు టికెట్ మీద 'చివరిసారి సరిచూసిన సమయం' కనిపించాలి, నెట్ రాగానే 'రద్దయింది' అని మారాలి. ఈ ప్రశ్న కోడ్ రాయకముందే వస్తే అరగంట చర్చతో తేలిపోతుంది.

ఈ షరతులు ఈ ఒక్క స్టోరీవే. ప్రతి స్టోరీకీ వర్తించే నియమాలు వేరే ఉంటాయి, అవే డెఫినిషన్ ఆఫ్ డన్: కోడ్‌ను ఇంకొకరు చదవాలి, మనం సపోర్ట్ చేసే అతి పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ నడవాలి, అక్షరాల సైజు పెంచినా తెలుగు తెగిపోకూడదు. మొబైల్ యాప్‌కు తప్పనిసరిగా చేర్చాల్సింది ఇంకొకటుంది: పాత వెర్షన్ మీద అప్‌డేట్ చేసి చూడాలి. టెస్టర్లు సాధారణంగా యాప్ తీసేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తారు. అప్పుడంతా బాగానే ఉంటుంది. జనం ఫోన్లలో మాత్రం పాత పద్ధతిలో దాచిన టికెట్లు ఉంటాయి, కొత్త కోడ్ వాటిని చదవలేక తెరవగానే క్రాష్ అవుతుంది. వెబ్‌సైట్‌నైతే సర్వర్‌లో వెంటనే దిద్దుకోవచ్చు. యాప్‌కు మళ్లీ స్టోర్ అనుమతి రావాలి, జనం అప్‌డేట్ చేసుకోవాలి.

షరతులన్నీ నెగ్గినా ఈ ఒక్క పరీక్ష మిగిలితే ఆ పని పూర్తికానట్టే. 2020 నాటి స్క్రమ్ గైడ్ ప్రకారం దాన్ని విడుదల చేయకూడదు, స్ప్రింట్ రివ్యూలో చూపించనూ కూడదు. తిరిగి బ్యాక్‌లాగ్‌లోకే వెళ్లాలి.