గడువు తీరినా కదలని అద్దెదారు: మౌనంగా అద్దె తీసుకుంటే ఏమవుతుంది?

హైదరాబాద్ కూకట్‌పల్లిలో మాకో రెండు పడకగదుల ఫ్లాట్ ఉంది. మేం న్యూజెర్సీకి వచ్చేశాక దాన్ని అద్దెకిచ్చాం. అందరూ రాసుకునే 11 నెలల అగ్రిమెంటే మేమూ రాసుకున్నాం. 2023 జూన్ 1న మొదలై 2024 ఏప్రిల్ 30తో ముగిసేది. అద్దె నెలకు 22,000 రూపాయలు, రెండు నెలల అడ్వాన్సు. అద్దెదారు ప్రైవేటు ఉద్యోగి. భార్య, హైస్కూల్లో చదివే కూతురు. ప్రతి నెలా అయిదో తేదీలోపు నా ఎన్ఆర్ఓ ఖాతాలో డబ్బు పడిపోయేది.

ఏప్రిల్ 30 వచ్చింది, వెళ్లింది. అగ్రిమెంటు మళ్లీ రాయించాలని ఆయనకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. మే అయిదున ఎప్పటిలాగే అద్దె పడింది. తర్వాత ఎనిమిది నెలలూ పడుతూనే ఉంది. మధ్యలో జూన్‌లో గీజర్ పాడైందంటే బాగుచేయించుకోమని డబ్బు పంపాను. అదే వాట్సాప్ సంభాషణలో ‘ఉండండి, వచ్చే ఏడాది చూద్దాం’ అని కూడా రాశాను. ఆ ఒక్క వాక్యం ఎంత బరువైనదో అప్పుడు తెలియలేదు.

2025 జనవరిలో అమ్మకు మోకాలి ఆపరేషన్ అవసరమైంది. మా ఊరి నుంచి తెచ్చి, ఆసుపత్రికి దగ్గరగా ఉన్న ఆ ఫ్లాట్‌లో అమ్మానాన్నలను ఉంచుదామనుకున్నాం. ఖాళీ చేయమని అద్దెదారుకు ఫోన్ చేశాను. ‘పాప టెన్త్ సార్. పరీక్షల ముందు కిరాయి ఇల్లు మారమంటే ఎట్లా?’ అన్నారాయన. నాకు కోపం వచ్చింది. అగ్రిమెంటు అయిపోయి ఎనిమిది నెలలైంది, ఇంకా ఆ ఇంట్లో ఆయనకు హక్కేమిటి అనుకున్నాను. మా బావమరిది ఇంకో అడుగు ముందుకేశాడు. ‘నువ్వు ఊఁ అను బావా. వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చేస్తా. కరెంటు తీయిస్తే వారంలో వాళ్లే పోతారు’ అన్నాడు.

అదృష్టవశాత్తూ ఆ పని చేయకముందే నాన్న స్నేహితుడైన ఒక న్యాయవాదితో మాట్లాడాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న అగ్రిమెంటు ఎప్పుడు ముగిసిందని కాదు. ‘ముగిశాక నువ్వేం చేశావు బాబూ?’ అని.

గడువు తర్వాత రెండు దారులు

అద్దె గడువు తీరగానే లీజు దానంతటదే ముగుస్తుంది. అందుకు నోటీసు అక్కర్లేదు. ఆ మర్నాటి నుంచి అద్దెదారు అక్కడే ఉంటే అతని స్థితి ఏమిటన్నది యజమాని ప్రవర్తనను బట్టి ఉంటుంది. యజమాని సమ్మతి లేకుండా మిగిలిపోయిన మనిషిని ఇంగ్లిష్ న్యాయ పరిభాషలో ‘టెనెంట్ ఎట్ సఫరెన్స్’ అంటారు. ఇల్లు వదలనందువల్ల మిగిలినవాడే తప్ప అతనికి కొత్త లీజు ఏదీ లేదు. అతని మీద దావా వేయడానికి మళ్లీ లీజు రద్దు నోటీసు ఇవ్వనక్కర్లేదు.

యజమాని అద్దె తీసుకున్నా, మరో విధంగా ఉండమని ఒప్పుకున్నా కథ మారుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో సెక్షన్ 116 చెప్పేది ఇదే. దీన్నే ‘హోల్డింగ్ ఓవర్’ అంటారు. అగ్రిమెంటులో వేరే షరతు లేకపోతే, లీజు ఏ అవసరానికి ఇచ్చారో దాన్ని బట్టి ఏడాదికేడాదిగానో, నెలనెలాగానో కొనసాగినట్టు లెక్క. వ్యవసాయానికో, సరుకు తయారీకో ఇస్తే ఏడాది లెక్క, నివాసానికైతే నెల లెక్క. ఇక్కడ అమెరికా అపార్ట్‌మెంట్లలో లీజు అయ్యాక ‘మంత్ టు మంత్’ ఉండటం మనలో చాలామందికి అనుభవమే. అక్కడ మన ఇంట్లోనూ అలాంటిదే జరుగుతోంది. కాకపోతే అది కాగితం మీద ఉండదు, మనకు తెలియకుండానే జరిగిపోతుంది.

అద్దె ఖాతాలో పడినంత మాత్రాన సమ్మతి ఇచ్చినట్టేనా? కాదు. గడువు తర్వాత అద్దె తీసుకున్నారన్న ఒక్క కారణంతో కొత్త లీజు పుట్టదని సుప్రీంకోర్టు 2005లో శాంతిప్రసాద్ దేవి కేసులో స్పష్టం చేసింది. కోర్టు మొత్తం ప్రవర్తన చూస్తుంది. నా విషయంలో ఎనిమిది నెలల అద్దె ఉంది, గీజర్ డబ్బుంది, అన్నిటికీ మించి ‘ఉండండి’ అన్న నా మాట ఉంది. ‘ఇవన్నీ పెట్టుకొని సమ్మతి లేదని వాదించడం కష్టం. ఆయన ఇప్పుడు నీ నెలవారీ అద్దెదారు. అలా అనుకొనే అడుగు వేద్దాం’ అన్నారు న్యాయవాది.

తాళం సంగతి కూడా అప్పుడే తేలిపోయింది. సమ్మతితో ఉన్నా, సమ్మతి లేకుండా ఉన్నా, స్వాధీనంలో ఉన్నవాణ్ని యజమాని తనంతట తాను గెంటేయకూడదు. అలా చేస్తే నిర్దిష్ట పరిష్కారాల చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి అద్దెదారు తిరిగి లోపలికి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయించారా లేదా అన్నదే చూస్తారు. ఇల్లు నాదే అయినా ఓడిపోయేది నేనే.

పదిహేను రోజుల నోటీసు

నెలవారీ లీజును ముగించడానికి సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. అది రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారో వారి తరఫువారో సంతకం చేయాలి. పోస్టులో పంపవచ్చు, చేతికివ్వవచ్చు, ఇంట్లో కుటుంబ సభ్యులకు ఇవ్వవచ్చు. అవేవీ కుదరకపోతే ఇంటికి కనిపించేచోట అంటించవచ్చు. గడువును లెక్కపెట్టేది మనం పంపిన రోజు నుంచి కాదు, వాళ్లకు అందిన రోజు నుంచి. పూర్వం ఆ గడువు సరిగ్గా అద్దె నెల చివరి రోజుతో ముగియాల్సి వచ్చేది. ఒక్క రోజు తేడాతో కేసులు పోయేవి. 2002 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆ ఇబ్బందిని తొలగించింది. నోటీసులో రాసిన గడువు తక్కువైనా, దావా 15 రోజులు దాటాకే వేస్తే నోటీసు చెల్లుతుంది.

మా నోటీసు జనవరి చివర్లో వెళ్లింది, ఫిబ్రవరి 1న అందింది. 15 రోజులే చాలినా ఫిబ్రవరి 28 దాకా గడువిచ్చాం. మార్చి 1 నుంచి ఉంటే అది అద్దె కాదనీ, ఇంటిని వాడుకున్నందుకు పరిహారమనీ, ఆ చుట్టుపక్కల రేటు ప్రకారం నెలకు 28,000 కోరతామనీ రాశాం. న్యాయవాదులు దీన్ని ‘మీన్ ప్రాఫిట్స్’ అంటారు. లీజు ముగిశాక పాత అద్దే కట్టుబడి కాదు, బయట ఆ ఇంటికి ఎంత వస్తుందో అంత కోర్టు ఇప్పించవచ్చు. అయితే నోటీసులో రాసినంత మాత్రాన రాదు. పక్క ఫ్లాట్ల అగ్రిమెంట్ల లాంటి ఆధారాలతో నిరూపించుకోవాలి.

మనలాంటివాళ్లు జారిపడే చోటు దీని తర్వాతే ఉంది. నోటీసు గడువు దాటాక వచ్చిన అద్దెను అద్దెగా తీసుకుంటే నోటీసును వదులుకున్నట్టు కావచ్చని సెక్షన్ 113 చెబుతుంది. వదులుకునే ఉద్దేశం ఉండాలని కోర్టులు అంటున్నా, ఆ వాదనకు చోటివ్వడం ఎందుకు? మనం అమెరికాలో నిద్రపోతుంటే అక్కడ ఖాతాలో డబ్బు పడిపోతుంది, దాన్ని ఆపలేం. అందుకే మార్చిలో 22,000 పడిన రోజే ఈమెయిల్ పంపాను. ఈ మొత్తాన్ని వాడుకున్నందుకు పరిహారం కింద మాత్రమే జమ చేసుకుంటున్నాననీ, కొత్త అద్దెకు ఒప్పుకోవడం లేదనీ, నోటీసు అలాగే ఉందనీ మూడు వాక్యాలు రాశాను.

కోర్టు మెట్లెక్కకుండా

అప్పటికీ ఖాళీ చేయకపోతే మిగిలేది దావానే. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు మించిన ఇళ్లకు వర్తించదు. కాబట్టి మా ఫ్లాట్ వ్యవహారం మామూలు సివిల్ కోర్టులోనే తేలాలి. ఆంధ్రప్రదేశ్ 2017లో అద్దె ఇళ్లపై వేరే చట్టం చేసుకుంది. విజయవాడలోనో విశాఖలోనో ఇళ్లున్నవారు అక్కడి న్యాయవాదినే అడగాలి. దావా నడపడానికి బావమరిదికి నేను పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. ఇక్కడ కాన్సులేట్‌లో చేయించిన ఆ పత్రం ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. అదంతా అయినా అప్పీళ్లతో కలిపి ఏళ్లు పట్టవచ్చు. అమ్మ మోకాలు అన్నాళ్లు ఆగదు.

ఈసారి నేనే ఫోన్ చేసి, ముందు పాప పరీక్షలెప్పుడని అడిగాను. ఏప్రిల్ మొదటి వారంలో అయిపోతాయన్నారు. ‘నాకు ఏప్రిల్ ఆఖరు దాకా టైమివ్వండి సార్. అప్పటికి వేరే ఇల్లు చూసుకుంటా’ అన్నారు. నేను సరేనన్నాను, కానీ ఈసారి వాట్సాప్‌లో కాదు. న్యాయవాది ఒక పేజీ ఒప్పంద పత్రం రాశారు. నోటీసుతో ఫిబ్రవరి 28న అద్దె ముగిసిందని ఆయన ఒప్పుకుంటున్నారు. ఏప్రిల్ 30 వరకు ఉండనిస్తున్నది పిల్ల చదువు కోసమే, అది కొత్త లీజు కాదు. నెలకు 22,000 వాడకం పరిహారం. ఆ తేదీకి తాళాలిస్తే 28,000 లెక్క వదిలేస్తాను, అడ్వాన్సు 44,000 అదే రోజు ఇచ్చేస్తాను. ఇద్దరం సంతకాలు చేశాం. ఆయన ఏప్రిల్ 27నే తాళాలు ఇచ్చేశారు. మేలో అమ్మానాన్నలు ఆ ఇంట్లో దిగారు.

ఇదంతా విన్నప్పుడు నాన్నకు వచ్చిన సందేహం మనలో చాలామందికి ఉన్నదే. ‘పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాడిదే అయిపోతుందటగా?’ అన్నారు. అద్దెకు దిగినవాడు ఇల్లు మనదని ఒప్పుకొనే దిగాడు. అద్దెదారుగా ఉన్నంత కాలం ఎన్నేళ్లున్నా యజమాని కాలేడు. పన్నెండేళ్ల లెక్క మొదలయ్యేది లీజు ముగిసిన రోజు నుంచి, స్వాధీనం కోసం దావా వేయడానికి. అంటే నోటీసు ఇచ్చి ఊరుకోవడమే ప్రమాదం.

ఇప్పుడు నా ఫోన్‌లో ఒక రిమైండర్ ఉంది. మళ్లీ ఎప్పుడైనా ఆ ఇల్లు అద్దెకిస్తే, గడువుకు రెండు నెలల ముందు మోగేలా పెట్టుకున్నాను. ఆ రోజు రెండే పనులు. కొనసాగమనదలిస్తే కొత్త అగ్రిమెంటు రాయించడం. వద్దనుకుంటే, గడువు తర్వాత ఉండటానికి నా సమ్మతి లేదని గడువు తీరకముందే రాసి పంపడం.

(ఇది నా అనుభవం. మీ ఇంటి విషయంలో అగ్రిమెంటు చూపించి స్థానిక న్యాయవాది సలహా తీసుకోండి.)